పెద్దవాళ్ళు ఫోన్ చేసినప్పుడు మొదటి అరనిమిషం: సర్వీస్ సెంటర్‌లో ఎలా పలకరించాలి

మార్చి వచ్చిందంటే బెంగళూరులో ఫ్రిజ్‌లు, ఏసీల తెలుగు ప్రాసెస్‌లో కూర్చున్నవాళ్ళకి ఊపిరాడదు. హిందూపురం, అనంతపురం, మదనపల్లె, వరంగల్ నుంచి కాల్స్ వస్తాయి. కోలారు, బాగేపల్లి వైపు నుంచి, ఊళ్ళోనే కె.ఆర్.పురం, మారతహళ్ళి ఇళ్ళ నుంచి కూడా వస్తాయి. పగటిపూట చేసేవాళ్ళలో ఇంటిపట్టున ఉండే పెద్దవాళ్ళు బాగానే ఉంటారు. కొడుకూ కోడలూ ఆఫీసుకి వెళ్ళాక, కళ్ళజోడు వెతుక్కుని, ఫ్రిజ్ మీది స్టిక్కర్‌లో నంబరు చూసి చేస్తారు. ఒకటి నొక్కండి, రెండు నొక్కండి అన్న మాటలన్నీ దాటుకుని, సంగీతం వింటూ కాచుకుని, చివరికి మీ దగ్గరికి చేరతారు.

అప్పుడు వాళ్ళకి వినిపించేది రెండు రకాల్లో ఒకటి. ఒకరు స్క్రిప్ట్ మొత్తాన్ని ఒక్క గుక్కలో అప్పజెప్పేస్తారు. ఇంకొకరు పెద్దవాళ్ళని గ్రహించగానే గొంతు పెంచి, సాగదీసి, ఉగ్గు పెడుతున్నట్టు మాట్లాడతారు. మొదటివాళ్ళ మాట అర్థం కాదు. రెండోవాళ్ళది అర్థమైనా మనసుకి గుచ్చుకుంటుంది. నిజానికి అది కూడా సరిగ్గా అర్థం కాదు, ఎందుకో కింద చెబుతాను. ఈ రెండూ కాకుండా, నెమ్మదిగా, స్పష్టంగా, సాటి మనిషితో మాట్లాడినట్టు ఎలా మొదలుపెట్టాలన్నదే ఇక్కడ విషయం. కాల్ మొత్తం గురించి కాదు, పలకరింపు గురించి, ఆ తర్వాత వచ్చే మొదటి జవాబు గురించి మాత్రమే.

ముందు చెవి సంగతి

వయసుతో వచ్చే వినికిడి లోపంలో అన్ని శబ్దాలూ ఒకేలా తగ్గవు. ముందు పోయేది సన్నటి, పదునైన శబ్దాలు. అంటే స, శ, ష లాంటివి, కొంతవరకు త, ట, క, ప లాంటివి. అ, ఆ, ఓ లాంటి అచ్చుల బలం చాలాకాలం అలాగే వినిపిస్తుంది. అందుకే పెద్దవాళ్ళు "వినబడుతోందమ్మా, కానీ ఏమంటున్నావో తెలియడం లేదు" అంటారు. అది చాదస్తం కాదు, చెవిలో జరుగుతున్నది సరిగ్గా అదే.

దీనికి ఫోన్ ఇంకొంచెం కలుపుతుంది. మామూలు ఫోన్ లైను దాదాపు 300 నుంచి 3,400 హెర్ట్జ్ వరకే మోస్తుంది. "స" శబ్దంలో ఎక్కువ భాగం ఆ హద్దుకి పైనే ఉంటుంది. కొత్త మొబైల్ నెట్‌వర్క్‌లలో హద్దు పెరిగినా, కాల్ సెంటర్ లైను దాకా వచ్చేసరికి చాలాచోట్ల మళ్ళీ పాత హద్దులోకే వస్తుంది. చెవిలో తగ్గిందీ ఆ శబ్దాలే, లైనులో కత్తిరించుకుపోయిందీ ఆ శబ్దాలే. ఎదుట నిలబడి మాట్లాడితే పెదాల కదలిక చూసి కొంత పట్టుకుంటారు. ఫోన్‌లో ఆ ఆసరా కూడా లేదు.

ఇప్పుడు అరిస్తే ఏమవుతుందో చూడండి. గొంతు పెంచినప్పుడు బలం పెరిగేది అచ్చులకి. హల్లులు ఎక్కడివక్కడే ఉంటాయి. పైగా వినికిడి తగ్గిన చెవికి మెల్లని శబ్దం అందదు, కానీ గట్టి శబ్దం మామూలు చెవి కంటే త్వరగా ఇబ్బంది పెడుతుంది. కాబట్టి అరుపు వల్ల మాట స్పష్టం కాదు, చెవి మాత్రం నొప్పెడుతుంది. గొంతు సన్నగా, తీయగా చేసినా ఫలితం అంతే. ఆ సన్నదనమే వాళ్ళకి అందనిది. కొంచెం కింది స్థాయిలో, నిండుగా పలికే గొంతు బాగా అందుతుంది.

హెడ్‌సెట్, గొంతు

మొదటి పని మైక్ చూసుకోవడం. నోటికి ఎదురుగా పెడితే ప, బ పలికినప్పుడు ఊపిరి తగిలి టప్ టప్‌మంటుంది. గడ్డం కిందికి జారితే పక్క సీటు మాటలు కూడా వెళతాయి. పెదవి మూలకి రెండు వేళ్ళ దూరంలో, కొంచెం కిందికి పెట్టుకోండి. పక్క సీట్ల గోలను తగ్గించే మైక్‌లు కూడా నోటికి దగ్గరగా ఉంటేనే ఆ పని చేస్తాయి. ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ, వయసు మళ్ళిన చెవికి అన్నిటికంటే కష్టం ఒక మాట వెనకాల ఇంకో మాట వినబడటం. ఫ్యాన్ చప్పుడునైనా పక్కకి నెట్టగలరేమో గానీ, మీ వెనక సీటులో ఎవరో "ఓకే సార్, ఓకే సార్" అంటుంటే మీ మాటతో కలిసిపోతుంది.

రెండోది, షిఫ్ట్ చివర్లో గొంతు ఎండిపోయి మాట వేగం పెరుగుతుంది. నీళ్ళ సీసా దగ్గర ఉంచుకోవడం, కాల్‌కీ కాల్‌కీ మధ్య ఒక గుక్క తాగడం. ఇంతకంటే చెప్పాల్సింది లేదు.

బీప్ వినగానే నోరు తెరవకండి

కాల్ మీ హెడ్‌సెట్‌లో బీప్‌మన్న క్షణానికి అవతలి మనిషి ఇంకా సంగీతంలోనే ఉంటారు. చాలామంది ఫోన్ స్పీకర్ మీద పెట్టి బల్ల మీద ఉంచి, సంగీతం ఆగగానే చేతిలోకి తీసుకుంటారు. మీరు బీప్‌తో పాటే మొదలుపెడితే మొదటి రెండు మూడు మాటలు గాలికి పోతాయి. మామూలు స్క్రిప్ట్‌లో ఆ మొదటి మాటల్లోనే కంపెనీ పేరు ఉంటుంది. అందుకే వాళ్ళు వెంటనే "ఎవరండీ మాట్లాడేది?" అని అడుగుతారు.

ఒక్క ఊపిరి తీసుకోండి. తర్వాత "నమస్కారమండి" అని, ఆగండి. ఆ ఒక్క మాటలో పోగొట్టుకోవడానికి సమాచారమేమీ లేదు. కొత్త గొంతుకి చెవి అలవాటు పడటానికి అది పనికొస్తుంది. చాలామంది తిరిగి "నమస్కారం" అంటారు, లేదా "ఆఁ" అంటారు. అలా అన్నారంటే ఫోన్ చెవి దగ్గరికి వచ్చిందని మీకు తెలిసినట్టే.

స్క్రిప్ట్‌ని ముక్కలు చేయడం

మామూలుగా ఇచ్చే స్క్రిప్ట్ ఇలా ఉంటుంది: "నమస్కారం, ఫలానా కస్టమర్ కేర్‌కి కాల్ చేసినందుకు ధన్యవాదాలు, నేను లత మాట్లాడుతున్నాను, మీకు ఏ విధంగా సహాయపడగలను?" ఇది కాగితం మీద బాగానే ఉంటుంది. నోట్లోకి వచ్చేసరికి ఒకే వాక్యమై, రోజుకి ఎన్నోసార్లు చెప్పగా చెప్పగా అరిగిపోయి, "నమస్కార్ఫలానాకస్టమర్కేర్" అయిపోతుంది.

దాన్ని ఇలా మార్చి చూడండి:

"నమస్కారమండి."
(ఆగాలి)
"ఇది ఫలానా ఫ్రిజ్ కంపెనీ సర్వీస్ సెంటర్."
(ఆగాలి)
"నా పేరు లత. చెప్పండి."

ప్రతి ముక్క మామూలు వేగంతోనే చెప్పండి. ముక్కకీ ముక్కకీ మధ్య మనసులో "ఒకటి" అనుకునేంతసేపు ఆగండి. నెమ్మదిగా మాట్లాడటం అంటే అక్షరాలు లాగడం కాదు, మాటల మధ్య చోటివ్వడం. వయసు పైబడ్డాక విన్నదాన్ని పోగేసి అర్థం చేసుకోవడానికి ఇంకొంచెం వ్యవధి కావాలి. ఆ వ్యవధి దొరికేది మీరు ఆగిన చోటే.

అక్షరాలు లాగితే తెలుగులో ఇంకో చిక్కు కూడా ఉంది. మన భాషలో పొట్టి అచ్చు, పొడుగు అచ్చు తేడాతోనే మాట మారిపోతుంది. "వచ్చే నెల వారంటీ అయిపోతుంది" అన్నదాన్ని ముద్దుగా సాగదీస్తే నెల కాస్తా నేల అవుతుంది. మనకి సందర్భం తెలుసు కాబట్టి సర్దుకుంటాం. సగం శబ్దాలే అందుతున్న చెవికి అది ఇంకో అనుమానం.

ఆగే చోటు కంటే ముఖ్యమైనది, వాక్యం చివర. తెలుగులో అసలు సంగతంతా క్రియ తోకలో ఉంటుంది. "రేపు మెకానిక్ వస్తారు", "రేపు మెకానిక్ వస్తారా?", "రేపు మెకానిక్ రారు". మొదటి రెండు మాటలూ మూడింటిలో ఒకటే. కుదురుతుందా, కుదరదా అన్నది చివరి అక్షరాల్లో తేలుతుంది. మనమేమో ఊపిరి అయిపోతున్న కొద్దీ సరిగ్గా ఆ చివరే గొంతు దించేస్తాం. "మాట్లాడుతున్నాను" కాస్తా "మాట్లాన్నా" అవుతుంది, "చేయాల్సుంటుంది" అన్నది మూలుగులా వినబడుతుంది. పెద్దవాళ్ళ కాల్స్‌లో ఒక్క మార్పే చేయగలను అనుకుంటే ఇదే చేయండి. మొదటి మాటకి ఎంత బలం ఇచ్చారో చివరి అక్షరానికీ అంతే ఇవ్వండి. వాక్యం పొట్టిగా ఉంటే ఊపిరి చివరిదాకా సరిపోతుంది. ముక్కలు చేయమన్నది అందుకు కూడా.

స్క్రిప్ట్‌లోని ధన్యవాదాలు ఎక్కడికి పోయాయని క్వాలిటీ వాళ్ళు అడుగుతారు. దాన్ని కాల్ చివరికి మార్చుకోవచ్చేమో ముందే అడిగి పెట్టుకోండి. నా దృష్టిలో దాని అసలు చోటు అదే. ఇంకా ఏ పనీ జరగకముందే కృతజ్ఞత చెబితే ఎవరికీ ఎక్కదు. "ఏ విధంగా సహాయపడగలను" అన్నది తప్పనిసరి అంటే "ఏం సాయం కావాలో చెప్పండి" అనండి, అర్థం మారదు. అదీ కుదరదంటే స్క్రిప్ట్‌లోని మాటలే ఉంచి, ఆగడం మాత్రం మీరు చేయండి. ఆగకూడదని ఏ స్క్రిప్ట్‌లోనూ రాసి ఉండదు.

ఇప్పుడు మాట్లాడకుండా ఉండాలి

"చెప్పండి" అన్నాక నిశ్శబ్దం వస్తుంది. రెండు సెకన్లు, మూడు సెకన్లు. మనకి టెన్షన్ మొదలై "హలో? హలో? వినిపిస్తోందాండీ?" అనేస్తాం. సరిగ్గా అప్పుడే అవతల వాళ్ళు నోరు తెరుస్తారు. ఫోన్ స్పీకర్ మీద ఉంటే ఇంకా కష్టం. చాలా స్పీకర్ ఫోన్లు ఒకేసారి రెండు వైపుల మాటల్ని పంపలేవు, ఒక వైపుని నొక్కేస్తాయి. మీ "హలో"తో వాళ్ళ మొదటి వాక్యం తెగిపోతుంది, వాళ్ళు ఆగి మళ్ళీ మొదలుపెడతారు, మీరు మళ్ళీ అడ్డొస్తారు. నాలుగు అంకెలు లెక్కపెట్టేదాకా ఊరుకోండి. ఆ తర్వాత కూడా జవాబు రాకపోతే "లైన్లోనే ఉన్నానండి, చెప్పండి" అనండి. "హలో" కంటే ఇది నయం, ఎందుకంటే ఇందులో అవతలివాళ్ళు ఆలస్యం చేశారన్న ధ్వని లేదు.

వయసుని కాదు, జవాబుని వినండి

గొంతు వణికినంత మాత్రాన చెవి వినబడదని కాదు. డెబ్బై ఐదేళ్ళ ఆవిడ మోడల్ నంబరు, కొన్న తేదీ, చల్లబడని అర అన్నీ గడగడా చెప్పగలరు. ఆవిడకి మీరు ముక్కలు ముక్కలుగా చెబుతూ కూర్చుంటే "నాకు అర్థమవుతుందిలేమ్మా, కానివ్వు" అంటారు. ఆ మాట న్యాయమే. అందుకే పైన చెప్పిన పలకరింపు అందరికీ ఒకటే వాడండి. ఇరవై ఐదేళ్ళవాళ్ళకి కూడా అది వింతగా ఉండదు, మర్యాదగానే ఉంటుంది. తర్వాత వేగాన్ని నిర్ణయించేది మొదటి జవాబు.

వెంటనే విషయంలోకి వచ్చారంటే మీరూ మామూలు వేగానికి వెళ్ళిపోండి. "ఆఁ? ఏమిటి?" అన్నా, "ఎవరూ?" అన్నా, మీరు అడిగినదానికి కాకుండా ఇంకోదానికి జవాబు చెప్పినా, వెనకనుంచి ఎవరో అందిస్తున్నా మాట అందడం లేదని అర్థం. మీ గొంతే మీకు తిరిగి వినిపిస్తోందంటే ఫోన్ స్పీకర్ మీద ఉందని ఊహించవచ్చు. వెనకాల టీవీ మోగుతుంటే అడగడానికి మొహమాటపడకండి: "వెనకాల టీవీ మాట కలుస్తోందండి, కొంచెం తగ్గిస్తే మీరు చెప్పేది నాకు బాగా అందుతుంది." నిజంగానే మీకూ బాగా అందుతుంది కాబట్టి అది అబద్ధం కాదు.

అందలేదని తెలిశాక మొదటిసారి అదే వాక్యాన్ని అవే మాటలతో, ఇంకొంచెం ఆగుతూ చెప్పండి. సగం అందినవాళ్ళకి మిగతా సగం కలుస్తుంది. అప్పటికీ అందకపోతే మూడోసారి అదే వాక్యం చెప్పి లాభం లేదు. ఏ శబ్దమైతే అందడం లేదో అది మళ్ళీ అందదు. మాటలు మార్చండి. "సర్వీస్ సెంటర్" అందకపోతే "ఫ్రిజ్ బాగుచేసే ఆఫీసు" అనండి.

ఇక్కడ తప్పు ఎవరి మీద వేస్తున్నామన్నది ముఖ్యం. "మీకు వినిపించడం లేదా?" అంటే లోపం వాళ్ళది అన్నట్టే. "నా మాట సరిగ్గా అందుతోందాండి?" అంటే బాధ్యత మీది. అలాగని సిగ్నల్ బాగా లేదని అబద్ధం ఆడొద్దు. మూడుసార్లు సిగ్నల్ వంక చెబితే వాళ్ళకి తెలిసిపోతుంది.

చెవి మిషన్ ఉందని వాళ్ళంతట వాళ్ళు చెబితే ఒక చిన్న సాయం చేయవచ్చు. చెవి వెనక పెట్టుకునే మిషన్లకి మైక్ చెవి పైభాగంలో ఉంటుంది. ఫోన్ చెవి రంధ్రానికి ఎదురుగా కాకుండా కొంచెం పైకి పట్టుకుంటే బాగా అందుతుంది. కుయ్‌మని శబ్దం వస్తుంటే ఫోన్ కొద్దిగా దూరం జరపమని గానీ, స్పీకర్ మీద పెట్టమని గానీ చెప్పండి. వాళ్ళు చెప్పకుండా మీరు "చెవి మిషన్ ఉందా?" అని మాత్రం అడగకండి.

ఏమని పిలవాలి

తెలుగువాళ్ళం వరసలు కలపడంలో ముందుంటాం. అదే ఇక్కడ కాలు జారే చోటు. గొంతు వినగానే "తాతగారూ", "మామ్మగారూ" అని మొదలుపెట్టేవాళ్ళున్నారు. అరవై రెండేళ్ళ మనిషి, నిన్నమొన్నటిదాకా ఉద్యోగం చేసి దిగినాయన, మీకు తాత ఎప్పుడయ్యారు? "అంకుల్", "ఆంటీ" ఎదురింటివాళ్ళకి బాగుంటాయి, సర్వీస్ కాల్‌లో కాదు. పేరు తెలిసేదాకా "అండి" చాలు. పేరు తెలిశాక పేరుకి "గారు" చేర్చండి. "సార్", "మేడమ్" అన్నా ఎవరూ ఏమీ అనుకోరు. రాయలసీమ వైపు ఆడవాళ్ళని "అమ్మా" అనడం సహజమే, కానీ "చెప్పండమ్మా"కీ "చెప్పమ్మా"కీ మధ్య ఉన్న దూరం మీకు తెలియనిది కాదు.

వాళ్ళు మిమ్మల్ని "నాయనా", "తల్లీ", "బిడ్డా" అనవచ్చు. "నువ్వు" అని కూడా అనవచ్చు. అది వాళ్ళ వయసు ఇచ్చిన చనువు. మీకు తిరిగి వరస కలపమని ఇచ్చిన అనుమతి కాదు. "నువ్వు ఎక్కడినుంచి మాట్లాడతాండావు నాయనా?" అని అడిగితే "బెంగళూరు నుంచండి" అని మామూలుగా చెప్పండి.

వాళ్ళే తమ గురించి ఏదైనా చెప్పుకుంటే అది పట్టుకోండి. "నేను హైస్కూల్లో హెడ్మాస్టరుగా చేశాను" అన్నవారిని "మాష్టారూ" అంటే అతికినట్టు ఉంటుంది, అది ఆయన ఇచ్చిన పిలుపే కాబట్టి.

చిన్నబుచ్చే మాటలు కొన్ని ఉన్నాయి, మంచి ఉద్దేశంతోనే నోట్లోకి వస్తాయి. "మనం ఇప్పుడు ఫ్రిజ్ తలుపు తీద్దామా?" అన్నది అందులో ఒకటి. తీసేది ఆయన ఒక్కరే. "ఒకసారి తలుపు తీసి చూస్తారా?" అంటే సరిపోతుంది. అడగకముందే "కంగారు పడకండి" అంటే ఆయన కంగారు పడుతున్నారని మీరు తేల్చేసినట్టు. "అర్థమైందా?" బదులు "నేను చెప్పింది స్పష్టంగా ఉందాండి?" అనండి. అన్నిటికంటే ఘోరమైనది "ఇంట్లో చదువుకున్నవాళ్ళు ఎవరైనా ఉంటే ఫోన్ ఇవ్వండి". ముప్పై ఏళ్ళు పాఠాలు చెప్పిన మనిషికి ఈ మాట తగిలితే ఆ తర్వాత మీరు ఎంత మంచి సర్వీస్ ఇచ్చినా లాభం లేదు.

అనుమానం వస్తే ఈ పరీక్ష పెట్టుకోండి. ఇదే వాక్యం, ఇదే గొంతుతో, నలభై ఏళ్ళ డాక్టరు ఫోన్ చేస్తే అంటారా? అనగలిగితే పెద్దవాళ్ళతోనూ అనవచ్చు. మరీ తీపి గొంతుకి ఇంకో నష్టం కూడా ఉంది. ఓటీపీ అడిగి డబ్బులు కాజేసే ఫోన్ల గురించి పెద్దవాళ్ళకి పిల్లలు పదేపదే చెప్పి ఉంచుతారు. అతి వినయం వినబడగానే కొందరు జాగ్రత్త పడిపోతారు.

ఒక కాల్, మొదటి నుంచి

హిందూపురం నుంచి రిటైరైన హెడ్మాస్టరు ఒకాయన చేశారనుకుందాం. ఫ్రిజ్‌లో పైన ఫ్రీజర్ గడ్డ కడుతోంది, కింద అరల్లో పాలు విరిగిపోతున్నాయి.

"నమస్కారమండి."
"ఆఁ, నమస్కారం."
"ఇది ఫలానా ఫ్రిజ్ కంపెనీ సర్వీస్ సెంటర్."
"ఏమిటీ? ఏ సెంటరు?"

ఇక్కడ గొంతు పెంచాలనిపిస్తుంది. పెంచకండి. అదే వాక్యాన్ని మధ్యలో విరవండి.

"ఫలానా ఫ్రిజ్ కంపెనీ. సర్వీస్ సెంటర్."
"ఆఁ ఆఁ, ఫ్రిజ్ కంపెనీ. సరే."
"నా పేరు లత. చెప్పండి."

నాలుగు సెకన్లు ఏమీ లేదు. కళ్ళజోడు సర్దుకుంటున్నారేమో, కాగితం చూస్తున్నారేమో. తర్వాత ఆయనే అందుకుంటారు: "చూడమ్మా, పైన ఐస్ బాగానే ఉంది, కింద ఏమీ చల్లగా లేదు. నిన్న పాలు విరిగిపోయినాయి. నేను గవర్నమెంట్ హైస్కూల్ హెడ్మాస్టరుగా చేసినాను, ఇట్లా రెండేళ్ళకే పాడయ్యే సామాను నేనెప్పుడూ చూడలే."

ఇప్పుడు మీరు ఆయన మాటల్నే తిరిగి వాడాలి. "పైన ఐస్ కడుతోంది, కింద చల్లబడటం లేదు. అంతేనా మాష్టారూ?" ఆయన చెప్పింది మీకు అందిందని తెలుస్తుంది, కొత్త మాటలేవీ లేవు కాబట్టి ఆయనకీ తేలిగ్గా అందుతుంది. ఇక్కడ "కూలింగ్ ఇష్యూ రిజిస్టర్ చేసుకుంటున్నాను" అన్నారంటే ఇప్పటిదాకా చేసిందంతా వృథా.

తర్వాత స్క్రీన్ మీ చేత అడిగించేది "రిజిస్టర్డ్ మొబైల్ నంబర్". బెంగళూరులో నాలుగేళ్ళుంటే ఈ మాట మనకి తెలుగే అనిపిస్తుంది. ఆయనకి కాదు. "ఫ్రిజ్ కొన్నప్పుడు షాపులో ఇచ్చిన ఫోన్ నంబరు చెబుతారా?" అనండి. ఫ్రిజ్, ఫోన్, నంబరు, బిల్లు లాంటి ఇంగ్లీషు మాటలతో ఎవరికీ ఇబ్బంది లేదు. ఇబ్బంది పెట్టేవి ఆఫీసు మాటలు.

నంబరు తిరిగి చదివేటప్పుడు ఒక్కో అంకె విడిగా చెప్పండి, మూడు నాలుగు అంకెలకోసారి ఆగండి. జంటగా చదివితే ఇరవై, అరవై ఫోన్‌లో ఒకలాగే వినబడతాయి. ఇంగ్లీషులో ఫిఫ్టీన్, ఫిఫ్టీ సంగతీ అంతే. డబల్, ట్రిపుల్ అని కుదించకండి. కోలారు వైపు పెద్దవాళ్ళు మాట్లాడేది తెలుగైనా అంకెలు కన్నడంలో చెప్పడం మామూలే. అలాంటప్పుడు మీకు కన్నడం వస్తే అవే అంకెల్లో తిరిగి చెప్పండి. చెప్పాక "నేను సరిగ్గా రాసుకున్నానా?" అని అడగండి. ఇక్కడ పరీక్ష మీకు, ఆయనకి కాదు.

ఈ మధ్యలో కోడలు వచ్చి ఫోన్ తీసుకుందనుకోండి. "చెప్పండి, ఏం కావాలి?" అంటుంది. చాలామందికి అక్కడ ప్రాణం లేచొస్తుంది, ఇక ఆవిడతోనే అంతా మాట్లాడేసి "ఆయనకి చెప్పండి" అని పెట్టేస్తారు. ఫ్రిజ్ గురించి తెలిసింది ఆయనకి, ఫోన్ చేసింది ఆయన. "మాష్టారు చెబుతున్నారండి, ఆయనకి ఇబ్బంది లేకపోతే ఆయనతోనే పూర్తి చేస్తాను. ఫోన్ స్పీకర్ మీద పెడితే మీరూ వినవచ్చు" అనండి. కోడలితో మాట్లాడమని ఆయనే అంటే అది వేరే సంగతి, అలాగే చేయండి.

టైం సంగతి

టీమ్ లీడ్ మొదట అడిగేది కాల్ ఎంతసేపు పట్టిందని. ఆగుతూ చెప్పిన పలకరింపుకి మామూలుదానికంటే కొన్ని సెకన్లే ఎక్కువ పడుతుంది. కంపెనీ పేరు మూడుసార్లు చెప్పాల్సి వచ్చిన కాల్‌తో, తప్పు నంబరు రాసుకుని మళ్ళీ మొదటికి వచ్చిన కాల్‌తో పోల్చి చూపించండి. మీ సొంత రికార్డింగ్‌లలోనే రెండూ దొరుకుతాయి. వాదించడం కంటే అవి రెండూ పక్కపక్కన వినిపించడం తేలిక.

సాధన కూడా రికార్డింగ్‌తోనే. మీ పలకరింపుని ఫోన్‌లో రికార్డు చేసి, ఫోన్‌ని గదిలో అవతలి మూలన స్పీకర్ మీద పెట్టి, టీవీ ఆన్ చేసి, ఫోన్ సౌండ్ బాగా తగ్గించి వినండి. కంపెనీ పేరు తెలిసిందా, ప్రతి వాక్యం చివరి అక్షరం వినబడిందా అన్న రెండే చూడండి. గొంతు బాగుందా లేదా అన్నది వదిలేయండి.

ఇంత చేసినా కొన్ని కాల్స్‌లో మాట అందదు. వినికిడి బాగా తగ్గినవారికి ఏ గొంతూ ఫోన్‌లో సరిపోదు. రెండుసార్లు మాటలు మార్చి చెప్పినా దొరకలేదంటే లాగకండి. "కంప్లయింట్ నంబరు, మెకానిక్ వచ్చే రోజు మెసేజ్ పంపమంటారా, లేక మీరు చెప్పిన ఇంకెవరికైనా మేమే ఫోన్ చేయమంటారా?" అని పొట్టిగా అడిగి, ఏది కావాలో వాళ్ళనే చెప్పనివ్వండి. వాళ్ళు మెసేజ్ అంటే తెలుగులో పంపే వీలుందేమో చూడండి. ఆ కంప్లయింట్ నోట్స్‌లో "ఫోన్‌లో మాట అందడం కష్టం, మెకానిక్ నేరుగా ఇంటికి వెళ్ళి మాట్లాడాలి" అని రాయండి. "కస్టమర్‌కి అర్థం కావడం లేదు" అని రాయకండి. మెకానిక్ తలుపు తట్టేముందు చదివేది ఆ ఒక్క లైనే.